తాళాలు కొనే ముందు తప్పులు రాసుకోండి: త్రిభుజాలు, వృత్తాల మీద ఎస్కేప్ రూమ్ ఆట

ప్రశ్న: జనగామ దగ్గర ఒక హైస్కూల్లో గణితం చెబుతాను. పదో తరగతికి త్రిభుజాలు, వృత్తాలు రివిజన్ ఎస్కేప్ రూమ్ లాంటి ఆటగా చేద్దామనుకుంటున్నాను. నలభై మంది పిల్లలు, ఒకటే పీరియడ్. పోయినసారి చేస్తే ప్రతి గ్రూపులో ఒకరో ఇద్దరో లెక్కలన్నీ చేసేశారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చున్నారు. కొందరు ఊరికే నంబర్లు తిప్పి తాళం తీసేశారు. తాళాలు ఎన్ని కొనాలి, పజిల్స్ ఎలా రాయాలి?

సమాధానం:

మేడం, తాళం ఒక్కటి చాలు. హనుమకొండ చౌరస్తాలో బ్యాగుల దుకాణంలో దొరికే మూడంకెల నంబర్ తాళం, ఒక ఇనుప డబ్బా, ఓ ఇరవై పోస్టు కవర్లు. నేను మొదటిసారి ఆరు తాళాలు కొన్నాను. అందులో రెండు, కొక్కెం లాగి పట్టుకుని చక్రం తిప్పితే సరైన అంకె దగ్గర చేతికి తెలిసిపోయేవి. వెనక బెంచీ పిల్లలు ఆ సంగతి నాకంటే ముందే కనిపెట్టారు. ఆ రోజు వాళ్లు నేర్చుకున్న జ్యామితి అంతే.

గ్రూపులో ఒకరిద్దరే పని చేయడానికి కారణం పిల్లలు కాదు, ఆట అల్లిక. మొదటి పజిల్ విప్పితే రెండోది, రెండోది విప్పితే మూడోది అని గొలుసులా పెడితే బల్ల మీద ఎప్పుడూ ఒకే కాగితం ఉంటుంది. అది త్వరగా చదివేవాడి చేతికే పోతుంది. అందుకే నేను గొలుసు మానేశాను. నలుగురి గ్రూపు, నాలుగు పజిళ్లు ఒకేసారి, చీటీలు తీసి ఒక్కొక్కరికి ఒకటి. నాలుగు జవాబులూ వస్తేనే చివరి తాళానికి కావాల్సిన సమాచారం పూర్తవుతుంది. ఎవరి ముక్క లేకపోయినా డబ్బా తెరుచుకోదు.

ఇక తాళాల బదులు కవర్లు ఎందుకంటే, తాళం తెరుచుకుంటుంది, లేదంటే లేదు. తప్పు జవాబు తిప్పిన పిల్లకి అది తప్పని మాత్రమే చెబుతుంది, ఏం తప్పో చెప్పదు. కవరు చెప్పగలదు. క్లాసు వెనక ఒక బల్ల మీద పైన నంబర్లు రాసిన కవర్లు వరసగా పెడతాను. పిల్లవాడు తన జవాబు నంబరున్న కవరు తీస్తాడు. జవాబు సరైనదైతే లోపల చివరి తాళానికి ఒక ముక్క ఉంటుంది. తప్పైతే, ఆ తప్పు ఎలా వచ్చిందో ఊహించి రాసిన చిన్న చీటీ ఉంటుంది. తన నంబరుతో కవరే లేకపోతే ఎక్కడో కూడిక, తీసివేత తప్పిందని అర్థం, వెనక్కి వెళ్లి సరిచూసుకుంటాడు. దీంట్లో పజిల్ రాయడమంటే సరైన జవాబు ఒక్కటే కాదు, పిల్లలు చేయబోయే తప్పు జవాబును కూడా ముందే లెక్కగట్టి పెట్టుకోవడం.

నా నాలుగు పజిళ్లు ఇస్తాను. అంకెలన్నీ సరిచూసినవే, అలాగే వాడుకోవచ్చు.

మొదటిది సరూప త్రిభుజాలు. త్రిభుజం ABC లో DE, BC కి సమాంతరం. AD = 6, DB = 9, DE = 14. BC ఎంత? జవాబు 35. ఎందుకంటే చిన్న త్రిభుజం ADE, పెద్దది ABC, వాటి భుజాలు 6, 15. నిష్పత్తి 2 : 5. కానీ సగం మంది 21 అంటారు. ఆ 21 ఊరికే రాదు. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం AD : DB = AE : EC అని చెబుతుంది. దాన్ని వారం రోజులు చదివి చదివి, అదే 6 : 9 ని DE కీ BC కీ కూడా అంటిస్తారు. DB ఏ త్రిభుజానికీ పూర్తి భుజం కాదన్న సంగతి బొమ్మలో కళ్ల ముందే ఉంటుంది, అయినా కనపడదు. ఇంకో తప్పు 23. 6 నుంచి 15 కి పోవడానికి 9 కలిపాం కాబట్టి 14 కీ 9 కలుపుతారు. నిష్పత్తిని తేడాగా చూసే ఈ అలవాటు ఏడో తరగతి నుంచి వస్తున్నదే.

21 కవరులో నేను రాసిన చీటీ ఇది: “DE ఏ త్రిభుజం భుజం? BC ఏ త్రిభుజం భుజం? ఆ రెండు త్రిభుజాలనూ విడివిడిగా గీసి, మూడు మూడు పేర్లు పెట్టి, అప్పుడు నిష్పత్తి రాయండి.” సరైన జవాబుగానీ సిద్ధాంతం పేరుగానీ చెప్పలేదు చూడండి. చీటీ చదివి పిల్లవాడు చేతులతో ఒక పని చేయాలి, అంతే. ఒకసారి ఒక అబ్బాయి 21 కవరు తీసి చదివి, “బొమ్మ ఉంది కద సార్, మళ్లేం గీసుడు” అని గొణుక్కుంటూ పోయి, రెండు త్రిభుజాలు పక్కపక్కన గీశాడు. పెద్దదాని ఎడమ భుజం మీద 9 అని రాయబోయి పెన్ను ఆపాడు. కొంచెం సేపు చూసి 9 కొట్టేసి 15 వేశాడు. నేను బోర్డు మీద పది సార్లు చెప్పినా పడనిది, ఆ పెన్ను ఆగిన క్షణంలో పడింది.

ఇలాంటి లెక్క మీరే తయారు చేసుకోవడం తేలిక. AD : DB ని 2 : 3 లాంటి చిన్న నిష్పత్తిగా పెట్టుకోండి. DE ని 2 కి గుణిజంగా తీసుకోండి. DE = 2 × 7 అనుకుంటే సరైనది 5 × 7, తప్పు 3 × 7. రెండూ పూర్ణాంకాలే వస్తాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే తప్పు జవాబు భిన్నంగా వస్తే పిల్లవాడు “ఇట్ల రాదు” అని వాసన పట్టేస్తాడు. తప్పు కూడా సరైనదంత అందంగా రావాలి.

రెండోది స్పర్శరేఖ. బతుకమ్మ ఆడుతున్న వలయం వ్యాసార్థం 8 మీటర్లు. వలయం బయట P దగ్గర ఒక అమ్మాయి నిలబడింది. ఆమె నుంచి వలయం అంచుకు అతి దగ్గరి దూరం 9 మీటర్లు. P నుంచి వలయాన్ని T దగ్గర తాకే స్పర్శరేఖ PT పొడవెంత? OP = 8 + 9 = 17, 17² − 8² = 225, కాబట్టి PT = 15. కిటుకంతా ఆ 9 లో ఉంది. 9 కేంద్రం నుంచి కాదు, అంచు నుంచి. తొందరపడేవాళ్లు 8, 9 రెండూ లంబకోణం పక్కనున్న భుజాలనుకుని 64 + 81 = 145 చేసి, వర్గమూలం సుమారు 12 అని వస్తారు. ఇంకొందరు 17 దగ్గరే ఆగిపోతారు. 12 కవరులో “O నుంచి P కి గీత గీయండి. ఆ గీతలో 9 ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?” అని ఉంటుంది. 17 లో “ఇది ఎవరి నుంచి ఎవరికి దూరం? మనకు కావాల్సింది T దాకా.”

అందరికీ కంఠస్థమైన 3-4-5, 5-12-13 మాత్రం పెట్టకండి. 5, 13 కనపడగానే లెక్క చేయకుండానే 12 అంటారు, ఏది కర్ణమో కూడా చూడరు. 8-15-17 కొంచెం కొత్త. 20-21-29 కూడా కొత్తదే కదా అని నేను ఒకసారి వ్యాసార్థం 20, దూరం 9 పెట్టాను. సరైనది 21, తప్పు దారిలో వచ్చేది సుమారు 21.9. దాన్ని 22 అని కొందరు, దశాంశం వదిలేసి 21 అని కొందరు రాసుకొచ్చారు. తప్పు చేసి సరైన కవరు తెరిచినవాళ్లు ముగ్గురు. సరైనదీ తప్పుదీ దూరదూరంగా పడాలని అప్పుడు తెలిసింది.

మూడోది వృత్తంలో కోణం. కేంద్రం O, కోణం AOB = 104°. C పెద్ద చాపం మీద ఉంది. కోణం ACB ఎంత? 52. ఇక్కడ తప్పులు ఎక్కువ. సగం చేయాల్సింది రెట్టింపు చేస్తే 208. రెండూ సమానమనుకుంటే 104. C ఏ చాపం మీదుందో చూడకుండా అవతలి కోణం 256° తీసుకుంటే 128. మూడింటికీ కవర్లు పెట్టాను. దీనికి ఇంకో కవరు కూడా ఉంది, అది 60. బొమ్మను కావాలనే కేంద్రం దగ్గర 120° వచ్చేలా గీసి, పైన 104° అని రాశాను. 60 తో వచ్చినవాడు లెక్క చేయలేదు, కోణమాని పెట్టి కొలిచాడన్నమాట. ఆ కవరులో “కోణమాని పెట్టెలో పెట్టి రండి. బొమ్మ కొలతల ప్రకారం గీయలేదని కింద రాసి ఉంది” అని ఉంటుంది. ఆ కవరు తెరిచిన ప్రతి ఒక్కరూ నవ్వుతూ నా వైపు చూశారు. కింద ఆ మాట నిజంగానే రాసి ఉండాలి సుమా, లేకపోతే మనం చేసింది మోసం అవుతుంది.

నాలుగోది చిన్నది. రెండు సరూప త్రిభుజాల భుజాల నిష్పత్తి 2 : 3, చిన్నదాని వైశాల్యం 28, పెద్దదెంత? 63. తప్పు 42. ఆ కవరులో ఒక గళ్ల కాగితం ముక్క పెట్టి, 2 గళ్ల భుజంతో ఒక చతురస్రం, 3 గళ్ల భుజంతో ఒకటి గీసి గళ్లు లెక్కపెట్టమన్నాను. 4, 9 కళ్లతో చూశాక 42 మీద ఎవరూ నిలబడరు.

నాలుగూ రాశాక చేయాల్సిన పని ఒకటుంది, నేను మర్చిపోయి ఇబ్బంది పడ్డది ఇదే. అన్ని పజిళ్ల సరైన జవాబులూ తప్పు జవాబులూ ఒకే కాగితం మీద రాసి, ఏ రెండూ కలవకుండా చూసుకోవాలి. మొదట్లో నా సరూప త్రిభుజాల లెక్కలో AD = 4, DB = 6, DE = 10 ఉండేవి. సరైనది 25, తప్పు 15. బతుకమ్మ లెక్కలో సరైన జవాబు కూడా 15. సరూప త్రిభుజాల లెక్క తప్పు చేసిన అమ్మాయి 15 కవరు తెరిచి చివరి ముక్క తీసుకుని ఆనందంగా వెళ్లింది. ఆ గ్రూపుకి ఒకే ముక్క రెండుసార్లు వచ్చింది, ఒకటి రానే లేదు. పావుగంట కొట్టుకున్నారు పాపం, తప్పు నాది. పైన ఇచ్చిన అంకెల్లో ఆ తంటా లేదు: 35, 21, 23; 15, 12, 17; 52, 208, 104, 128, 60; 63, 42. మొత్తం పదమూడు కవర్లు. భయముంటే ఒక్కో పజిల్‌కి ఒక్కో రంగు కవరు వాడండి.

ఇక చివరి తాళం. నాలుగు సరైన కవర్లలో నాలుగు ముక్కలు. ఒకదానిలో “AB = 13”, ఒకదానిలో “BC = 14”, ఒకదానిలో “CA = 15”. నాలుగో దానిలో బొమ్మ, దాని కింద ఈ మాటలు: “త్రిభుజం ABC లోపల ఒక వృత్తం మూడు భుజాలనూ తాకుతోంది. A నుంచి స్పర్శబిందువుకి దూరం మొదటి అంకె, B నుంచి రెండోది, C నుంచి మూడోది.” ఒక్క బొమ్మలో త్రిభుజమూ వృత్తమూ కలిసేది ఇక్కడే. బయటి బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖలు సమానం అన్న ఒక్క ముక్క తెలిస్తే చాలు:

x + y = 13
y + z = 14
z + x = 15

మూడూ కలిపి సగం చేస్తే x + y + z = 21. అందులోంచి ఒక్కో సమీకరణం తీసేస్తే x = 7, y = 6, z = 8. కోడ్ 768.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటే, వృత్తం భుజాలను సరిగ్గా మధ్యలో తాకుతుందనుకోవడం. బొమ్మ చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. కానీ అలా చేస్తే A నుంచి ఒకవైపు ఆరున్నర, ఇంకోవైపు ఏడున్నర వస్తుంది. తాళం మీద ఆరున్నర లేదు. పోయిన ఏడు ఒక అమ్మాయి అరిచినట్టే అడిగింది: “సార్, A నుంచి రెండూ సమానం అని మీరే చెప్పిన్రు, మరి ఒకటి ఆరున్నర, ఒకటి ఏడున్నర ఎట్లొస్తది?” నేనేం చెప్పలేదు. పక్కనున్న పిల్ల “అంటే మధ్యల తాకదేమోనే” అంది. చివరి దానికి తప్పు కవరు అక్కర్లేదు, అంకెలే తప్పును పట్టిస్తాయి.

కోడ్ మార్చుకోవడం కూడా సుళువు. ముందు భుజాలు ఆలోచించకండి, ముందు కోడ్ అనుకోండి. ఏ మూడు అంకెలైనా సరే, సున్నా తప్ప. వాటిని రెండేసి చొప్పున కలిపితే భుజాలు వచ్చేస్తాయి. 945 అనుకుంటే AB = 9 + 4 = 13, BC = 4 + 5 = 9, CA = 5 + 9 = 14. త్రిభుజం ఏర్పడుతుందా లేదా అని చూడనక్కర్లేదు, ఇలా వచ్చిన భుజాలతో ఎప్పుడూ ఏర్పడుతుంది. రెండు భుజాల మొత్తంలోంచి మూడోది తీసేస్తే రెండింతల x మిగులుతుంది, అది సున్నా కంటే పెద్దదే కదా. ఒక్క జాగ్రత్త: మూడు అంకెలూ వేరువేరుగా ఉండాలి. రెండు సమానమైతే ఆ భుజాన్ని వృత్తం నిజంగానే మధ్యలో తాకుతుంది, అప్పుడు మధ్యలో అనుకున్నవాడికి ఒక భుజం మీద గెలుపు దొరుకుతుంది.

మీకు రెండు సెక్షన్లు ఉంటే ఇది తప్పనిసరి. మధ్యాహ్న భోజనం దగ్గర “768” అన్న మాట ఎంత వేగంగా పాకుతుందో మీకు చెప్పక్కర్లేదు. రెండో సెక్షన్‌కి నేను వాడేవి: DE = 22 (సరైనది 55, తప్పులు 33, 31), వలయం వ్యాసార్థం 12, దూరం 8 (సరైనది 16, తప్పులు 14, 20), కేంద్ర కోణం 96° (48; 192, 96, 132), చిన్న వైశాల్యం 36 (81; 54), చివరి కోడ్ 945. కోణమాని కవరు 60 అలాగే ఉంటుంది.

ఊరికే తిప్పి తీయడం సంగతి. మూడంకెల తాళానికి 000 నుంచి 999 దాకా వెయ్యి దారులు. రెండంకెలు తెలిస్తే మూడోదానికి పదే. అందుకే తాళం పిల్లల బల్ల మీద ఉండదు, నా బల్ల మీద ఉంటుంది. గ్రూపుకి ఒక్క ప్రయత్నం. మూడు పొడవులూ రాసిన బొమ్మ చూపించి, నేను వేలు పెట్టిన ఏదో ఒక పొడవు ఎలా వచ్చిందో గ్రూపులో నేను ఎంచినవాళ్లు చెప్పాలి. చెప్పలేకపోతే రెండు నిమిషాలు ఆగి రావాలి. తెరిచాక తమ నాలుగు పల్లీపట్టీలు తీసుకుంటారు, నేను మళ్లీ మూసి చక్రాలు చెదరగొడతాను. తెరిచి ఉన్న తాళం వాళ్ల చేతికి ఇవ్వకండి. చాలా నంబర్ తాళాలకి తెరిచి ఉన్నప్పుడే కోడ్ మార్చే వీలుంటుంది. ఒకసారి కొక్కెంతో ఆడుకుంటూ ఎవరో మార్చేశారు, ఆ డబ్బా ఆ రోజు స్క్రూడ్రైవర్‌తోనే తెరుచుకుంది. ఇక ఎస్కేప్ అన్న పేరు చూసి గది తలుపుకి గడియ మాత్రం ఎవరూ పెట్టకూడదు. అది చెప్పాల్సిన విషయమా అనుకోకండి, పిల్లలు సరదాకి పెట్టేస్తారు.

కవర్ల దగ్గర కూడా ఇలాంటిదే ఒక కట్టుబాటు కావాలి, లేకపోతే ఒక్కో కవరూ వరసగా తెరిచి చూసేస్తారు. నా పద్ధతి: జవాబు చీటీ మీద లెక్క చేసినవాళ్ల సంతకం, సరిచూసిన పక్కవాళ్ల సంతకం రెండూ ఉంటేనే బల్ల దగ్గరికి రావాలి. రెండో సంతకం ఎందుకంటే, ఆ నాలుగు పజిళ్లలో ఒక్కోదాన్ని కనీసం ఇద్దరు చదవాలని. బల్ల దగ్గర ఒక పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టండి. కవరులోది అక్కడే చదివి, అక్కడే పెట్టి వెళ్లాలి. అందుకే పది గ్రూపులకీ ఒక్కో కవరు సెట్టు సరిపోతుంది, జిరాక్స్ ఖర్చు తగ్గుతుంది. సరైన కవర్ల దగ్గర గుంపు పడుతుంది కాబట్టి బల్లని గోడకి ఆనించకుండా రెండువైపులా నిలబడేలా పెట్టండి.

ఆ కూర్చున్న పిల్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఏ కవరు తెరిచినా ఆ నంబరు ఎదురుగా ఒక గీత. ఆటలో నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ కాగితమే. పోయిన ఏడు పది గ్రూపుల్లో ఆరు 21 తెరిచాయి, 208 ఒక్కటే తెరిచింది, 128 నాలుగు. అంటే సగం చేయాలన్నది వచ్చేసింది, C ఏ చాపం మీదుందో చూడటం రాలేదు. మర్నాడు నేను కేంద్ర కోణం సిద్ధాంతం మొత్తం మళ్లీ చెప్పలేదు. C ని వృత్తం మీద జరుపుతూ, A దాటి అవతలి చాపం మీదకి పోగానే కోణం 52 నుంచి 128 కి ఎలా మారుతుందో మాత్రం చూపించాను. ఇరవై నిమిషాల పని పది నిమిషాల్లో అయింది. కవర్ల మీద ఖర్చుపెట్టిన ఆదివారం అక్కడ తిరిగొచ్చింది.

గూగుల్ ఫామ్‌లో చేద్దామని చాలామంది సలహా ఇస్తారు. చేయొచ్చు. జవాబు పెట్టెకి Response validation పెట్టి, నంబరు సరిపోతేనే ముందుకు పోనిచ్చేలా చేయొచ్చు. కానీ తప్పు జవాబు ఏదైనా సరే అది చూపించే మాట ఒక్కటే. 21 కి ఒకటి, 23 కి ఒకటి చెప్పదు. ల్యాబ్ ఉన్న బడిలో చివరి కోడ్‌కి వాడుకోండి, నాలుగు పజిళ్లకి కవర్లే మేలు.

టైం గురించి. 45 నిమిషాల పీరియడ్ అనుకుంటే నియమాలు చెప్పడానికి 5, నాలుగు పజిళ్లకి 18, చివరి దానికి 10, మిగతాది మాట్లాడుకోవడానికి. నాకు ఒక నిమిషంలో అయ్యే లెక్క వాళ్లకి కనీసం నాలుగు నిమిషాలు. తప్పు కవరుకి పోయి తిరిగి రావడం ఇంకో మూడు. ఈ లెక్క వేసుకోకుండా మొదటిసారి ఎనిమిది పజిళ్లు పెట్టాను, బెల్లు కొట్టే సరికి ఒక్క గ్రూపు కూడా సగం దాటలేదు. అప్పుడు డబ్బా ఊరికే తెరిచి పంచిపెట్టాల్సి వచ్చింది. పదహారో నిమిషానికి ముక్క రాని గ్రూపుకి నేనే పోయి, తెరవని తప్పు కవరు చీటీ ఒకటి చదివి వినిపిస్తాను. ఇరవయ్యో నిమిషానికీ రాకపోతే ముక్క ఇచ్చేస్తాను, లెక్క మాత్రం నోట్సులో ఇంటిపనికి పోతుంది.

భాష సంగతి కూడా చూసుకోండి. మా పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో రాస్తారు, మాట్లాడుకునేది తెలుగులో. “టాంజెంట్” అంటే తెలిసిన పిల్ల “స్పర్శరేఖ” దగ్గర ఆగిపోతుంది, ఇంకో పిల్లకి అది తలకిందులు. పజిల్ చీటీ మీద రెండు పదాలూ పక్కపక్కనే రాస్తాను. అప్పుడు ఆగింది మాట దగ్గరా, లెక్క దగ్గరా అన్నది స్పష్టంగా తెలుస్తుంది.

కథ గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. రెండు సాయంత్రాలు కూర్చుని ఓరుగల్లు కోటలో కాకతీయుల నిధి అని కథ అల్లాను. కీర్తి తోరణాలు నాలుగు దిక్కులా ఉంటాయి కాబట్టి నాలుగు పజిళ్లకి నాలుగు తోరణాల పేరు పెట్టాను. పిల్లలు మెచ్చుకున్నారు, కానీ చదవడానికే ఆరు నిమిషాలు పోయింది. ఇప్పుడు ఒక్క వాక్యం ఉంది: “నాలుగు తోరణాల దగ్గర నాలుగు ముక్కలున్నాయి, కలిపితే పెట్టె తెరుచుకుంటుంది.” అంతకు మించి ఖర్చు పెట్టను.

ఇందులో రానిది ఒకటుంది. సిద్ధాంత నిరూపణ. కోడ్‌లో ఇమడదు. నిరూపణ మెట్లను చీటీలుగా కత్తిరించి వరస పెట్టమంటే ఆ వరసే కోడ్ అవుతుందని నేనూ అనుకున్నాను. కానీ చాలా నిరూపణల్లో రెండో మెట్టూ మూడో మెట్టూ అటూ ఇటూ మార్చినా తప్పు కాదు. సరిగ్గా పేర్చిన పిల్లకి తాళం తెరుచుకోక, తను తప్పనుకుంది. నిరూపణకి, నిర్మాణాలకి వేరే పీరియడ్ పెట్టుకోండి.

ముందే ముగించిన గ్రూపు ఖాళీగా కూర్చుంటే మిగతావాళ్ల దగ్గరికి పోయి కోడ్ చెప్పేస్తుంది. వాళ్లకి నేను ఒక ఖాళీ చీటీ ఇస్తాను. తమకు నచ్చిన మూడు వేరువేరు అంకెలు అనుకుని, భుజాలు కట్టి, అంకెలు దాచి, భుజాలు మాత్రం ముగించిన ఇంకో గ్రూపుకి ఇవ్వాలి. పోయినసారి ఒక గ్రూపు 9, 9, 1 అనుకుని 18, 10, 10 ఇచ్చింది. అవతలి గ్రూపు 18 లో సగం 9, మిగతా 10 లో 1 అని వెంటనే చెప్పేసింది. ఇచ్చినవాళ్లు “మధ్యల తాకుతది అనుకున్నరు, అదృష్టం కొద్దీ సరిపోయింది” అని ఒకటే గోల. అదృష్టమా, కారణం ఉందా అని వాళ్లనే తేల్చమని వదిలేశాను. బెల్లు కొట్టినా వాళ్లు లేవలేదు.